మాట ఆలస్యమైతే ముందు చెవి చూడాలి

(సామాజిక శాస్త్రాలు, విద్యాశాస్త్రం చదువుతున్న విద్యార్థులతో, అధ్యాపకులతో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో పసిపిల్లల ఎదుగుదలకు ఎవరూ చార్టు గీసి పెట్టుకోలేదు. ఆ లెక్క వంటింట్లోనే ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు. అవి వండే స్తోమత లేని ఇంట్లో కూడా నోటి లెక్క ఉంటుంది. "సంక్రాంతికి కూర్చుంది, ఉగాదికి నిలబడింది" అని అమ్మమ్మ ఠక్కున చెబుతుంది. అందుకే మేము తల్లుల్ని నెలలు అడగం, పండుగలు అడుగుతాం. జవాబు చాలావరకు సరిగ్గానే వస్తుంది.

అయితే ఈ లెక్కలో ఒక ఖాళీ ఉంది. ఒళ్లు కదిలినందుకు పిండివంట ఉంది. వెనక నుంచి మెల్లగా పిలిస్తే తల తిప్పినందుకు ఏ పిండివంటా లేదు. చందమామను వేలితో చూపించి, మళ్లీ అమ్మ ముఖంలోకి చూసినందుకూ లేదు. బిడ్డకు మాట ఎందుకు రావడం లేదో తెలియాలంటే నేను ముందు అడిగేది ఈ రెండింటి గురించే.

నేను ఆడియాలజిస్టును. వినికిడి, మాట సమస్యలున్న చిన్నపిల్లలతో పనిచేస్తున్నాను. మొదటి మూడేళ్ల ఎదుగుదల అంతా ఇవాళ చెప్పను. మాట ఆలస్యం గురించి మాత్రమే చెబుతాను. ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు, ఆగమని చెబితే ఎలా చెప్పాలి అన్నదే విషయం.

సగటు వేరు, హద్దు వేరు

ముందు నడకతో మొదలుపెడతాను. హద్దు అంటే ఏమిటో నడకలో తేలిగ్గా కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించింది. ఆ ఐదు చోట్లలో మన న్యూఢిల్లీ ఒకటి. పట్టు లేకుండా నడవడం వందలో ఒకరికి 8.2 నెలలకే వచ్చింది. 99 మందికి వచ్చేసరికి 17.6 నెలలు పట్టింది. ఒకే పనికి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల మధ్యే, తొమ్మిది నెలలకు పైగా తేడా. పక్కింటి పాప పదకొండో నెలలో నడిచిందని, మన బాబు పదిహేనో నెలలో కూడా నడవలేదని బెంగపడనక్కర్లేదు. కానీ పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే అది ఇక "కొంచెం నిదానం" కాదు. అప్పుడు డాక్టరు చూడాలి.

సగటు దాటడం ఆలస్యం కాదు, హద్దు దాటడమే ఆలస్యం. కేరళలోని తిరువనంతపురం శిశు వికాస కేంద్రం తయారుచేసిన స్క్రీనింగ్ చార్టు ఈ సూత్రం మీదే నడుస్తుంది. మొదటి రెండేళ్లకు అందులో 17 అంశాలుంటాయి. ఒక్కో అంశానికి ఒక అడ్డబారు. బారు ఎడమ అంచు వందలో ముగ్గురు పిల్లలు ఆ పని చేసే వయసు, కుడి అంచు 97 మంది చేసే వయసు. బిడ్డ వయసు దగ్గర ఒక పెన్సిల్ నిలువుగా పెడతాం. పెన్సిల్‌కు పూర్తిగా ఎడమవైపు ఉండిపోయిన బారులో ఏ పనైనా బిడ్డ చేయకపోతే పరీక్షకు పంపుతాం. పెన్సిల్ బారును కోస్తూ ఉంటే ఇంకా సమయం ఉన్నట్టు. అంగన్‌వాడీ టీచర్ కూడా ఐదు నిమిషాల్లో చేయగల పని ఇది. ఏం లోపించిందో ఈ చార్టు చెబుతుంది, ఎందుకు లోపించిందో చెప్పదు.

వయసు లెక్కలో ఒక జాగ్రత్త ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా ఆ తక్కువైన కాలాన్ని తీసేసి చూడాలి. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకు ఇవాళ ఇరవై నెలలైతే, ఎదుగుదల లెక్కలో పద్దెనిమిది. ఈ తీసివేత మరిచిపోతే అనవసరంగా భయపెడతాం. "నెల తక్కువ బిడ్డ కదా" అని మూడేళ్లదాకా సర్దుకుపోతే అవసరమైన భయాన్ని కూడా పోగొడతాం.

మాటకు ముందు వచ్చే మెట్లు

నడక కళ్ల ముందు కనిపిస్తుంది. మాట అలా కాదు. మొదటి మాట రావడానికి చాలా ముందే దాని పని మొదలవుతుంది, ఆ పని ఇంట్లో ఎవరి కంటా పడదు.

ఆరు నుంచి పది నెలల మధ్య బిడ్డ "బబబ", "దదద" అని అక్షరాలు పేర్చడం మొదలుపెడుతుంది. అంతకు ముందు వచ్చే "ఊ... ఆ..." వేరు. వినికిడి లేని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఆ కూతలు పెడతారు. అందువల్ల "చిన్నప్పుడు బాగానే శబ్దాలు చేసేది" అన్న మాట చెవులు బాగున్నాయనడానికి రుజువు కాదు. హల్లులతో కూడిన పేర్పు మాత్రం, చెవి వినపడని బిడ్డకు ఆలస్యంగా వస్తుంది, కొందరికి రాకుండా ఆగిపోతుంది.

ఏడాది నిండేసరికి ఆ పేర్పు, వేలు చూపించడం, టాటా చెప్పడంలాంటి సైగలు ఉండాలి. పదహారు నెలలకు అర్థంతో అనే ఒక్క మాటైనా ఉండాలి. "బువ్వ", "తాత", కుక్కను చూసి "భౌ" అన్నా మాటే. పలుకు వంకరగా ఉన్నా ఫర్వాలేదు, ఒకే వస్తువుకు ఒకే శబ్దం మళ్లీమళ్లీ వాడితే అది మాటే. రెండేళ్లకు రెండు మాటలు తానుగా కలపాలి. "అమ్మ రా", "పాలు వద్దు" లాంటివి. మనం అన్నదాన్ని తిరిగి అప్పజెప్పడం లెక్కలోకి రాదు.

వీటిలో ఏది గడువు దాటినా పరీక్షకు పంపాలి. ఇంకొకటి ఉంది, దానికి గడువే లేదు. వచ్చిన మాటలు పోవడం, లేదా పిలిస్తే పలికే బిడ్డ పలకకపోవడం. ఏ వయసులోనైనా, ఎన్ని మాటలు పోయినా, ఆ వారమే చూపించాలి.

ఒక పాప కథ

గుర్తుపట్టే వివరాలు మార్చి ఒక పాప సంగతి చెబుతాను. మా దగ్గరికి వచ్చేనాటికి 22 నెలలు. నెలలు నిండే పుట్టింది. పదమూడో నెలలో నడిచింది. తల్లిదండ్రులిద్దరూ భవన నిర్మాణ కూలీలు, పగలంతా నానమ్మే చూసుకునేది. తల్లీతండ్రీ మేనరికం.

ఒక్క మాట కూడా స్థిరంగా లేదు. "అమ్మ" లాంటిది అప్పుడప్పుడు వచ్చేది కానీ తల్లిని చూసి కాదు. సైగలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. కావాల్సింది వేలితో చూపించేది, నానమ్మ చేయి పట్టుకుని లాక్కెళ్లేది, కళ్లలోకి చూసి నవ్వేది. ఏడాదిన్నరప్పుడు ఒక డాక్టరుకు చూపించారు. "నడుస్తోంది, ఆడుతోంది, తెలివిగా ఉంది. మూడేళ్లదాకా చూడండి" అన్నారాయన. ఊళ్లో పెద్దవాళ్లు వస నాకించమన్నారు. అదీ అయింది.

తర్వాత అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే బృందం చీటీ రాసి పంపింది. వినికిడి పరీక్ష చేస్తామంటే నానమ్మ ఒప్పుకోలేదు. "ప్లేటు కింద పడితే ఉలికిపడ్తది మేడం, దానికి చెవుడు ఎట్లైతది?" అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. ప్లేటు పడితే పాప నిజంగానే ఉలికిపడేది. కానీ చెవుడు అంటే పూర్తిగా వినపడకపోవడమేనని మనం అనుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. ముందు చిన్న పనులు చేశాం. పాప నానమ్మ ఒళ్లో కూర్చుని ముందున్న బొమ్మతో ఆడుతోంది. వెనక నుంచి, నీడ పడకుండా, గాలి తగలకుండా, మెల్లగా పేరు పెట్టి పిలిచాం. తిరగలేదు. గిలక ఊపాం. తిరగలేదు. డప్పు కొడితే తిరిగింది. ఇంట్లో పిలిస్తే పలుకుతుంది కదా అంటే, ఇంట్లో పిలిచేది ఎదురుగా నిలబడి, చేయి ఊపుతూ. పాప చూసి పలుకుతోంది, విని కాదు. ఒక మంచం, ఒక గది ఉన్న ఇంట్లో అందరూ ఎప్పుడూ ఎదురుగానే ఉంటారు. ఈ తేడా అక్కడ బయటపడదు.

ఇంట్లో ఈ పరీక్ష చేసి బిడ్డ తిరిగితే "చెవులు బాగున్నాయి" అని తేల్చకండి. తిరగకపోతే ఆస్పత్రికి తొందరగా తీసుకెళ్లడానికి మాత్రమే అది పనికొస్తుంది.

తర్వాత ఓఏఈ పరీక్ష. చెవిలో చిన్న గొట్టం పెట్టి టక్‌టక్ శబ్దాలు పంపితే, లోపలి చెవి బాగుంటే సన్నటి ప్రతిధ్వని తిరిగి వస్తుంది. నిమిషాల్లో అయిపోతుంది, బిడ్డ జవాబు చెప్పే పని లేదు. పాపకు రెండు చెవుల్లోనూ ప్రతిధ్వని రాలేదు. గులిమి అడ్డున్నా, కర్ణభేరి వెనక నీరు చేరినా ప్రతిధ్వని రాదు. అందుకే అవి రెండూ చూశాం. అడ్డేమీ లేదు. ఒకవేళ నీరుంటే అది చాలామందికి తగ్గిపోతుంది. అప్పుడు సాధారణంగా మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్షిస్తాం. ఆ ఆగడానికి కారణం ఉంది, తేదీ ఉంది.

చివరిది బెరా. తల మీద చిన్న తీగలు అతికించి, శబ్దం చెవి నుంచి మెదడు కాండందాకా చేరుతోందా, ఎంత శబ్దానికి చేరుతోంది అని చూస్తాం. దీనికి బిడ్డ నిద్రపోవాలి. అందుకే ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, బస్సులో నిద్రపోకుండా తీసుకురమ్మంటాం. చెప్పడం తేలిక. తెల్లవారుజామున ఊరు నుంచి బయల్దేరిన పాప బస్సులోనే నిద్రపోయింది, ఆస్పత్రిలో ఆడుకుంది. ఆ రోజు పరీక్ష కాలేదు. మరో రోజు రావాల్సి వచ్చింది. తల్లికి రెండు రోజుల కూలి పోయింది. మా రిజిస్టర్లలో "ఫాలోఅప్‌కు రాలేదు" అని రాసే చాలా పేర్ల వెనక ఉన్నది అశ్రద్ధ కాదు, ఈ రెండో రోజు కూలి. పరిశోధన కోసం ఆ రిజిస్టర్లు చూసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెండోసారి పాప నిద్రపోయింది. రెండు చెవుల్లోనూ సుమారు 70 డెసిబెల్స్ దగ్గరే స్పందన మొదలైంది. మీటరు దూరంలో మనం మామూలుగా మాట్లాడే మాట సుమారు 60 డెసిబెల్స్. అంటే పాపకు ప్లేటు వినపడుతుంది, డప్పు వినపడుతుంది. మాట మాత్రం వినపడదు, లేదా అరిచినప్పుడు "ఆ", "ఓ" లాంటి అచ్చులు మసకగా వినపడతాయి. నానమ్మ చెప్పిందీ నిజమే, పరీక్ష చెప్పిందీ నిజమే.

23వ నెలలో రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టాం. ఆ రోజు నుంచి పాపకు ఇంకో వయసు లెక్కపెట్టాం. దాన్ని వినికిడి వయసు అంటాం. మూడేళ్లు నిండేసరికి పాప వినికిడి వయసు పదమూడు నెలలు. అప్పటికి "నానమ్మ రా" అని రెండు మాటలు కలిపింది. రెండేళ్లకు రావాల్సింది మూడేళ్లకు వచ్చింది. అది అద్భుతమేమీ కాదు. మధ్యలో చెవి పెరిగి అచ్చులు వదులై యంత్రం కూతపెట్టింది, అచ్చులు మార్చాలి. వానల్లో తడిసి ఒకటి చెడిపోయింది. వారానికోసారి శిక్షణ, రోజూ ఇంట్లో సాధన. అయినా మూడేళ్లదాకా ఆగి ఉంటే లెక్క సున్నా నుంచి అప్పుడు మొదలయ్యేది.

నిజానికి 22 నెలలు కూడా ఆలస్యమే. పుట్టిన నెలలోపు వినికిడి స్క్రీనింగ్, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు కావాలన్నది అంతర్జాతీయంగా పాటించే లక్ష్యం. ఆరు నెలలలోపు గుర్తించిన పిల్లల భాష, తర్వాత గుర్తించిన వారికంటే మెరుగ్గా ఉంటుందని 1998 నాటికే అమెరికా పరిశోధన చూపింది. మేనరికం, కుటుంబంలో చెవుడు, పుట్టగానే ఐసీయూలో ఉండటం, తీవ్రమైన కామెర్లు, మెదడువాపు, వీటిలో ఏది ఉన్నా మాట ఆలస్యమయ్యేదాకా కూడా ఆగొద్దు. తీవ్రమైన కామెర్లు వచ్చిన పిల్లల్లో లోపలి చెవి బాగుండి నాడి దెబ్బతినవచ్చు. ఓఏఈ పాసై బెరా ఫెయిలవుతుంది. అందుకని వాళ్లకు ఓఏఈ ఒక్కటే చాలదు.

యంత్రంతో చాలనంత తీవ్రమైన లోపముంటే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. ఆరోగ్యశ్రీలోనూ, కేంద్రం అడిప్ పథకంలోనూ దానికి చోటుంది. వయసు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది. సైగల భాష కూడా పూర్తి భాషే. బిడ్డకు హాని చేసేది నోటి మాట రాకపోవడం ఒక్కటే కాదు, ఏ భాషా లేకుండా రెండు మూడేళ్లు గడిచిపోవడం.

చెవులు బాగుంటే

పరీక్షలో చెవులు బాగున్నాయని తేలితే అప్పుడు మూడు చూస్తాం. చెబితే అర్థమవుతోందా? చూపకుండా, సైగ చేయకుండా "చెప్పు తీసుకురా" అంటే తెస్తోందా? వేలు చూపించి మన ముఖంలోకి చూస్తోందా? పేరు పిలిస్తే తిరుగుతోందా?

అర్థమవుతుంది, సైగలున్నాయి, ఆట బాగుంది, మాటలే తక్కువ. ఇలాంటి పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు. "వస్తాయిలే" అన్న ఊరి మాటలో ఉన్న నిజం వీళ్ల గురించే. కానీ ఈ గుంపులో ఎవరు అందుకుంటారో, ఎవరు వెనకబడిపోతారో రెండేళ్లప్పుడు కచ్చితంగా చెప్పలేం. అందుకే ఇంట్లో ఎలా మాట్లాడాలో నేర్పి, మూడు నెలల తర్వాతి తేదీ రాసి ఇస్తాం.

అర్థం కావడం లేదు, వేలు చూపదు, పేరు పిలిస్తే తిరగదు అంటే అది వేరే దారి. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎమ్-చాట్ అనే ఇరవై ప్రశ్నల పట్టిక ఉంది. అందులో ఎక్కువ మార్కులు వస్తే ఆటిజం ఉన్నట్టు కాదు, నిపుణులు పూర్తిగా పరీక్షించాలని మాత్రమే. శిక్షణ మొదలుపెట్టడానికి మాత్రం జబ్బుకు పేరు పెట్టేదాకా ఆగాల్సిన పని లేదు.

ఆగడానికి చెప్పే కారణాలు

"మగపిల్లలకు ఆలస్యమే." కొద్దిగా నిజం. కానీ ఆ తేడా వారాల్లో, మహా అయితే ఒకట్రెండు నెలల్లో ఉంటుంది, ఏడాది కాదు. "వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి." అది ధైర్యం చెప్పే మాట కాదు, కుటుంబ చరిత్ర. దాన్ని చీటీలో రాయాలి. "నాలుక అంటుకుంది, కోయిస్తే వస్తాయి." నాలుక కింది పొర కొన్ని శబ్దాల పలుకును ఇబ్బంది పెట్టవచ్చు. మాటలే లేకపోవడానికి అది కారణం కాదు.

నాలుగోది మీలో భాషాశాస్త్రం, విద్యాశాస్త్రం చదివేవాళ్లు పట్టించుకోవాల్సింది. "ఇంట్లో లంబాడీ, అంగన్‌వాడీలో తెలుగు, అందుకే మాట రాలేదు." రెండు భాషలు వినడం మాటను ఇంతగా ఆపదు. బిడ్డకు లంబాడీలో పన్నెండు మాటలు, తెలుగులో ఐదు ఉంటే మొత్తం లెక్కలోకి తీసుకోవాలి. తెలుగే లెక్కపెట్టే పరీక్షకుడు రెండు తప్పులు చేస్తాడు. బాగున్న గోండు, కోయ పిల్లకు "వెనకబాటు" అని రాస్తాడు. నిజంగా చెవి వినపడని లంబాడీ పిల్లాణ్ని "భాష తేడా" అని ఇంటికి పంపేస్తాడు. ఆ ఇంటి భాష తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. మీలో చాలామంది ఆ మనిషి కాగలరు.

ఎక్కడికి వెళ్లాలి

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని సంచార బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్లదాకా, ఎదుగుదల ఆలస్యాలతో సహా, పరీక్ష చేసి జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. దాన్నే డీఈఐసీ అంటారు. పరీక్షలు అక్కడ ఉచితం. బృందం వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు, నేరుగా వెళ్లొచ్చు. బెరా యంత్రం ప్రతి చోటా ఉండదు. అక్కడ లేకపోతే మెడికల్ కాలేజీ ఈఎన్‌టీ విభాగానికి, లేదా సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలకు రాయించుకోవాలి. తల్లీబిడ్డల కార్డు వెంట తీసుకెళ్లండి. "మాట రావడం లేదు" అని ఊరుకోకండి. "వినికిడి పరీక్ష రాయండి" అని అడగండి. అడిగిన చోట ఆ పరీక్ష చేసే అవకాశం ఎక్కువ.

చాలా ఇళ్లలో మొదట డిగ్రీ చదివింది మీరే. అక్క కొడుక్కి, అన్న కూతురికి మాట రాలేదంటే సలహా మిమ్మల్నే అడుగుతారు. మీరు డాక్టర్లు కానక్కర్లేదు. వయసు ఎంత, నెలలు నిండి పుట్టిందా, వేలు చూపుతుందా, వచ్చిన మాట ఏదైనా పోయిందా అని అడగండి. హద్దు దాటితే చెవి పరీక్షకు పంపండి. హద్దులోపలే ఉంటే ఆగమని చెప్పండి. కానీ ఆగమన్నప్పుడు ఏ నెల, ఏ తేదీన మళ్లీ చూడాలో కార్డు మీద రాసి చెప్పండి.